ఒకే సంఖ్య మళ్లీ మళ్లీ వస్తే: రెండు పాయింటర్లతో జతల లెక్క

చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చిన సంఖ్యల్లో ఏ రెండింటిని కలిపితే కావలసిన మొత్తం వస్తుందో కనిపెట్టడానికి రెండు పాయింటర్ల పద్ధతి వాడతారు. వరసకు ఈ చివర ఒక గుర్తు, ఆ చివర ఒక గుర్తు పెట్టి, రెండింటినీ లోపలికి జరుపుకుంటూ వస్తే వెతుకులాట పూర్తవుతుంది. సంఖ్యలన్నీ వేర్వేరుగా ఉన్నంత వరకు ఇందులో తప్పు చేయడం కష్టం. ఒకే సంఖ్య రెండు మూడు చోట్ల కనిపించిందంటే మాత్రం, చూడటానికి ఒకేలా ఉన్న ప్రోగ్రాములు వేర్వేరు జవాబులు చెబుతాయి. వాటిలో కొన్ని తప్పు జవాబులు. మరికొన్ని తప్పు కాదు గానీ, అడిగిన ప్రశ్నకు చెప్పినవి కావు.

ఒక పిల్లల పుస్తకాల దుకాణంలో ఒక అర మీద పది పుస్తకాలు ఉన్నాయనుకుందాం. ధర ప్రకారం పేర్చితే రూపాయల్లో వాటి వరస ఇది:

```
10  20  20  20  35  40  40  40  60  60
```

కూపన్ విలువ 80 రూపాయలు. దానితో రెండు పుస్తకాలు తీసుకోవాలి, మొత్తం సరిగ్గా 80 కావాలి. అన్నిటికంటే సూటి మార్గం ప్రతి పుస్తకాన్నీ మిగతా ప్రతి పుస్తకంతో కలిపి చూడటం. పది పుస్తకాలకు 45 జతలు ఉంటాయి కాబట్టి కాగితం మీద కూడా అయిపోతుంది. లక్ష సంఖ్యలుంటే మాత్రం జతలు 4,99,99,50,000 అవుతాయి, అంటే దాదాపు ఐదు వందల కోట్లు. వరసగా పేర్చి ఉండటం అనే సౌకర్యాన్ని వాడుకోనందుకే ఇంత శ్రమ.

ఆ సౌకర్యాన్ని వాడుకునే తీరు ఇలా ఉంటుంది. ఎడమ పాయింటరు మొదటి పుస్తకం మీద, కుడి పాయింటరు పదో పుస్తకం మీద నిలుస్తాయి. ఇక్కడ పాయింటరు అంటే సి భాషలో లాగా మెమరీ చిరునామా కానక్కర్లేదు. వరసలో ఎన్నో స్థానమో చెప్పే అంకె చాలు. రెండు చోట్లా ఉన్న ధరలు కలిపితే 10, 60 కలిసి 70 అవుతుంది. కావలసినదానికంటే తక్కువ కాబట్టి ఎడమ పాయింటరు ఒక అడుగు ముందుకు జరుగుతుంది. మొత్తం ఎక్కువై ఉంటే కుడి పాయింటరు ఒక అడుగు వెనక్కి వచ్చేది. రెండు పాయింటర్లూ ఒకే పుస్తకం మీదికి రాగానే పని ఆగుతుంది, ఎందుకంటే ఒక పుస్తకాన్ని దానితోనే జత కట్టలేం.

ఒక్కో అడుగుతో ఇన్ని జతలను చూడకుండానే వదిలేస్తున్నప్పుడు, కావలసిన జత ఒకటి జారిపోదా అన్న సందేహం న్యాయమైనదే. 10, 60 కలిసి 70 అయినప్పుడు ఏం తెలిసిందో చూస్తే అది తీరుతుంది. మిగిలిన వాటిలో 60 కంటే ఖరీదైన పుస్తకం లేదు. అంత ఖరీదైనదాన్ని తోడు ఇచ్చినా 10 ఎనభైకి చేరలేదంటే, ఇంకే పుస్తకం తోడిచ్చినా చేరదు. కాబట్టి 10ని పూర్తిగా పక్కన పెట్టవచ్చు. ఆ ఒక్క కూడికతో తొమ్మిది జతల సంగతి తేలిపోయింది. మొత్తం ఎక్కువైనప్పుడు కుడివైపు పుస్తకానికీ ఇదే తర్కం తిరగేసి వర్తిస్తుంది: మిగిలినవాటిలో అన్నిటికంటే చవకదానితో కలిపినా 80 దాటిందంటే, దానికి ఇక జత లేదు. అంటే ప్రతి అడుగూ ఏ జతలోనూ చేరలేదని రుజువైన పుస్తకాన్నే తొలగిస్తుంది.

ఇందులోంచి ఇంకొక సంగతి కూడా వస్తుంది, నకళ్ల లెక్కకు అదే ఆధారం. ఒక ధరకు సరిపోయే తోడు వరసలో ఉంటే, ఆ రెండు ధరలూ ఎదురుపడే దాకా వాటిలో ఒక్క పుస్తకం కూడా తొలగిపోదు. మూడు 20లలో మొదటిదాన్ని పాయింటరు తాకే సమయానికి మిగతా రెండూ, రెండు 60లూ ఇంకా రెండు పాయింటర్ల మధ్యనే ఉంటాయి. ఎదురుపడిన ఆ క్షణంలో ఏం చేస్తామన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

ఎడమ పాయింటరు రెండో పుస్తకం మీదికి వచ్చింది. 20, 60 కలిసి 80. జత దొరికింది. ఇప్పుడు ఏ పాయింటరును, ఎంత దూరం జరపాలి? దీనికి జవాబు చెప్పే ముందు ఏం అడుగుతున్నారో తేల్చుకోవాలి, ఎందుకంటే "80 అయ్యే జతలెన్ని" అన్న మాటకు మూడు అర్థాలున్నాయి.

దుకాణం గోడ మీద పట్టిక రాయాలంటే, ఏయే ధరలు కలిస్తే 80 అవుతుందో చెబితే చాలు. అలాంటివి రెండే: 20తో 60, 40తో 40. ఒక కొనుగోలుదారు ఆ అర మీది పుస్తకాల్లోంచి ఎన్ని రకాలుగా ఎంచుకోగలరని అడిగితే, పుస్తకాలు వేర్వేరు కాబట్టి లెక్క పెరుగుతుంది. మూడు 20లలో ఏదైనా, రెండు 60లలో ఏదైనా తీసుకోవచ్చు కనుక ఆరు రకాలు, మూడు 40లలోంచి రెండింటిని మూడు రకాలుగా తీయవచ్చు, మొత్తం తొమ్మిది. ఉన్న సరుకుతో ఎంతమంది కూపన్‌దారులకు తలా ఒక జత ఇవ్వగలమన్నది దుకాణదారు ప్రశ్న. ఒకరికిచ్చిన పుస్తకం ఇంకొకరికి ఇవ్వలేరు. 60లు రెండే కాబట్టి 20, 60 జతలు రెండు, మూడు 40లలోంచి ఒక జత, మొత్తం ముగ్గురు. జాబితా అదే, మొత్తం అదే. సరైన జవాబులు మాత్రం రెండు, తొమ్మిది, మూడు.

మూడిటిలో తొమ్మిదిని రాబట్టడమే కాస్త ఓపిక అడుగుతుంది. జత దొరకగానే ఎడమవైపు అదే ధర వరసగా ఎన్నిసార్లు ఉందో, కుడివైపు ధర ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టి, ఆ రెండు అంకెలనూ గుణించాలి. తర్వాత రెండు పాయింటర్లూ ఆ గుంపులను పూర్తిగా దాటిపోవాలి. పైథాన్‌లో ఇలా రాయవచ్చు (కోడులో స్థానాల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది):

```python
def count_pairs(a, target):
    left, right = 0, len(a) - 1
    total = 0
    while left < right:
        s = a[left] + a[right]
        if s < target:
            left += 1
        elif s > target:
            right -= 1
        elif a[left] == a[right]:
            k = right - left + 1
            total += k * (k - 1) // 2
            break
        else:
            x, y = a[left], a[right]
            p = q = 0
            while a[left] == x:
                left += 1
                p += 1
            while a[right] == y:
                right -= 1
                q += 1
            total += p * q
    return total
```

పుస్తకాల మీద దీన్ని నడిపిస్తే మొదట 10, 60 కలిసి 70, ఎడమ పాయింటరు జరుగుతుంది. తర్వాత 20, 60 కలిసి 80. రెండు ధరలూ వేరు కాబట్టి చివరి భాగంలోకి వెళ్తుంది: 20లు మూడు, 60లు రెండు, లబ్ధం ఆరు. ఎడమ పాయింటరు ఇప్పుడు ఐదో పుస్తకం మీద, కుడి పాయింటరు ఎనిమిదో పుస్తకం మీద ఉన్నాయి. 35, 40 కలిసి 75, చాలదు. ఎడమ పాయింటరు ఆరో పుస్తకానికి జరుగుతుంది. 40, 40 కలిసి 80. ఈసారి రెండు వైపులా ఒకే ధర.

ఈ సందర్భాన్ని విడిగా చూడక తప్పదు. వరస పేర్చి ఉంది కాబట్టి రెండు చివర్లలో 40 ఉంటే మధ్యలో ఉన్నవన్నీ 40లే. ఎడమ గుంపు, కుడి గుంపు అని రెండు లేవు, ఉన్నది ఒకే గుంపు. మూడిటిని మూడిటితో గుణించి తొమ్మిది అంటే, ఒక పుస్తకాన్ని దానితోనే జత కట్టినవి మూడు, ప్రతి జతనూ రెండుసార్లు లెక్కించినందుకు మరో మూడు దొంగలెక్కలు వచ్చి చేరతాయి. సరైన లెక్క k(k−1)/2. మూడు పుస్తకాలకు మూడు జతలు. మధ్యలో వేరే ధర ఏదీ మిగలలేదు కాబట్టి పని అక్కడితో ఆగిపోతుంది. ఆరుకు మూడు కలిపితే తొమ్మిది. కూడి చూసింది నాలుగుసార్లే.

లోపలి రెండు `while` వాక్యాలలో పాయింటరు వరస బయటికి వెళ్లకుండా కాపలా కాసే షరతు లేకపోవడం గమనించదగ్గది. అది పొరపాటు కాదు. ఆ భాగంలోకి వచ్చేటప్పటికే రెండు ధరలూ వేరని తేలింది. కాబట్టి 20ల మీదుగా నడిచే పాయింటరుకు ఎక్కడో ఒకచోట 60 అడ్డొచ్చి ఆగుతుంది, 60ల మీదుగా వెనక్కి నడిచేది 20 దగ్గర ఆగుతుంది. ఒకే ధర ఉన్న సందర్భాన్ని ముందే విడదీయకపోతే ఈ అడ్డు ఉండదు, మూడు 40లు మాత్రమే ఉన్న జాబితా మీద ప్రోగ్రాము వరస దాటిపోయి కూలుతుంది.

వేర్వేరు ధరల జతలు మాత్రమే కావాలంటే, జత దొరికినప్పుడు చేసే పని చిన్నది:

```python
result.append((a[left], a[right]))
left += 1
right -= 1
while left < right and a[left] == a[left - 1]:
    left += 1
```

చాలా పాఠాల్లో కుడివైపుకు కూడా ఇలాంటి దాటవేత వాక్యం కనిపిస్తుంది. ఉంటే నష్టం లేదు గానీ, అవసరం లేదు. ఎడమ పాయింటరు 20లన్నిటినీ దాటి 35కు చేరాక, కుడివైపు ఇంకా 60 మిగిలి ఉంటే మొత్తం 95 అవుతుంది. ఎక్కువైంది కాబట్టి మామూలు నియమమే కుడి పాయింటరును వెనక్కి లాగుతుంది. `left < right` అన్న షరతు మాత్రం ఇక్కడ తప్పనిసరి. రెండే 40లున్న జాబితాలో అది లేకపోతే పాయింటరు మూడో స్థానం కోసం వెతికి, ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది.

ఆ దాటవేత వాక్యాన్ని కూడా తీసేసి, జత దొరికిన ప్రతిసారీ రెండు పాయింటర్లనూ ఒక్కొక్క అడుగు మాత్రమే జరిపితే ఏమవుతుంది? నేర్చుకునేవారు మొట్టమొదట రాసేది సాధారణంగా ఇదే. పుస్తకాల మీద నడిపితే 20, 60 ఒకసారి, మళ్లీ 20, 60 ఇంకోసారి దొరుకుతాయి. ఆ తర్వాత మిగిలిన 20కి తోడు 40 మాత్రమే కనిపించి 60 అవుతుంది, ఎడమ పాయింటరు జరుగుతుంది. 35తో 75, మళ్లీ జరుగుతుంది. చివరికి 40, 40 ఒక్కసారి. మొత్తం మూడు. పట్టిక కోసం రాసినవారికి ఇది తప్పు, ఎందుకంటే 20, 60 రెండుసార్లు వచ్చింది. ఎంపికల లెక్క అడిగినవారికీ తప్పే, తొమ్మిదికి బదులు మూడు వచ్చింది. కానీ ఎంతమందికి కూపన్ ఇవ్వగలమన్న దుకాణదారు ప్రశ్నకు ఇదే సరైన జవాబు. జత దొరికిన రెండు పుస్తకాలనూ అర మీంచి తీసి పక్కన పెట్టేయడం అంటే రెండు పాయింటర్లనూ ఒక్కో అడుగు జరపడమే కదా. రెండు గుంపుల్లో చిన్నది ఖాళీ అయ్యేదాకా జతలు వస్తూనే ఉంటాయి, ఆపై మిగిలినవి తోడు లేక వెళ్లిపోతాయి. కాబట్టి "కోడు తప్పు" అని కొట్టేసే ముందు అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో చూడటం మేలు.

ఏ ప్రశ్నకూ జవాబు కాని రూపాలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి, జత దొరికినప్పుడు ఎడమ పాయింటరును మాత్రమే జరపడం. మూడు 20లూ ఒకే 60తో జతపడి మూడు వస్తాయి. రెండో 60 వంతు వచ్చేసరికి 20లు అయిపోయి ఉంటాయి. 40ల దగ్గర మరో రెండు వస్తాయి. మొత్తం ఐదు, రెండూ తొమ్మిదీ మూడూ ఏదీ కాదు. ఒకవైపే నకళ్లున్న జాబితాలో, ఉదాహరణకు మూడు 20లు, ఒకే 60 ఉన్నప్పుడు, ఇదే ప్రోగ్రాము ఎంపికల లెక్కను సరిగ్గా మూడని చెబుతుంది. అందుకే ఈ తప్పు చాలాకాలం బయటపడదు.

రెండోది మరింత ఆకర్షణీయమైన తప్పు. నకళ్లతో ఇంత తలనొప్పి ఎందుకు, ముందే వాటిని తీసేసి ఒక్కో ధరనూ ఒక్కసారే ఉంచుకుంటే పోలేదా అనిపిస్తుంది. వేర్వేరు ధరల పట్టికే కావాలి కదా, నకళ్లతో పనేముంది? తీసేస్తే మిగిలేది 10, 20, 35, 40, 60. దీని మీద వెతికితే 20, 60 దొరుకుతుంది, 40, 40 దొరకదు. 40 ఒక్కటే మిగిలింది కాబట్టి రెండు పాయింటర్లూ దాని మీదే కలుసుకుని ఆగిపోతాయి. ఒక ధర తనతో తనే జత కావాలంటే కనీసం రెండు ప్రతులు ఉండాలి, ఆ సమాచారాన్నే ముందుగా చెరిపేశాం. కూడి చూడకముందే పక్కపక్కన ఒకేలా ఉన్నవాటిని దాటేసే కోడులోనూ ఇదే తప్పు దాగి ఉంటుంది. దాటవేయడం ఎప్పుడూ జతను నమోదు చేసిన తర్వాతే జరగాలి.

లీట్‌కోడ్ వెబ్‌సైట్‌లో సాధన చేసేవారికి ఈ తేడాలు మూడు వేర్వేరు లెక్కలుగా ఎదురవుతాయి. పేర్చిన జాబితా ఇచ్చే 167వ లెక్కలో సరిగ్గా ఒకే జవాబు ఉంటుందని ముందే హామీ ఇస్తారు. కాబట్టి జత దొరకగానే బయటికి వచ్చేయవచ్చు, నకళ్ల ప్రశ్నే తలెత్తదు. 1679వది దుకాణదారు లెక్క. మూడు సంఖ్యలు కలిసి సున్నా కావాలనే 15వ లెక్కలో ఒకే త్రయం రెండుసార్లు రాకూడదన్న నియమం ఉంది. ఒక సంఖ్యను పట్టుకుని మిగిలిన భాగం మీద రెండు పాయింటర్లను నడపడమే దాని పరిష్కారం. 167తో అలవాటుపడి నేరుగా 15కు వెళ్లినవారు చాలాసార్లు తడబడేది ఈ నకళ్ల దగ్గరే. పట్టుకునే మొదటి సంఖ్యకు కూడా దాటవేత రాయాలన్నది మరిచిపోతారు.

శ్రమ సంగతికొస్తే, రెండు పాయింటర్ల మధ్య దూరం ప్రతి అడుగుతో కనీసం ఒకటి తగ్గుతుంది, ఎప్పుడూ పెరగదు. కాబట్టి లక్ష సంఖ్యలకు 99,999 కంటే ఎక్కువసార్లు కూడి చూడాల్సిన పనిలేదు. నకళ్లను లెక్కపెట్టే లోపలి వాక్యాలు కూడా ఇవే పాయింటర్లను ముందుకు నడుపుతాయి గనుక వాటివల్ల అదనపు భారం లేదు. అదనపు మెమరీ దాదాపు అక్కర్లేదు. అయితే ఇదంతా జాబితా పేర్చి ఉన్నప్పుడే. పేర్చి లేకపోతే ముందు పేర్చాలి, ఆ పనికి పట్టే సమయం వెతుకులాటను మించిపోతుంది. పేర్చాక ఏ సంఖ్య మొదట ఎక్కడుందో చెరిగిపోతుంది కాబట్టి, పాత స్థానాలు కావాలంటే వాటిని సంఖ్యతో పాటు మోసుకెళ్లాలి.

లెక్కించడం వేరు, జతలన్నిటినీ విడివిడిగా రాసి చూపించడం వేరు. లక్ష పుస్తకాలూ 40 రూపాయలవే అయితే ఎంపికల సంఖ్య 4,99,99,50,000. దాన్ని సూత్రంతో ఒక్క అడుగులో చెప్పేయవచ్చు. ఒక్కొక్కటిగా అచ్చువేయమంటే ఏ పద్ధతీ ఆ శ్రమను తప్పించలేదు. ఆ సంఖ్యలోనే మరో ప్రమాదం ఉంది. జావాలో `int` రకం గరిష్ఠంగా 2,14,74,83,647 వరకే పట్టుకోగలదు. పై లెక్కను అందులో చేస్తే జవాబు 70,49,82,704 అని వస్తుంది. రుణ సంఖ్య వచ్చి ఉంటే వెంటనే అనుమానం కలిగేది; ఇది చూడటానికి సబబుగానే కనిపిస్తుంది, అందుకే ప్రమాదకరం. `long` రకం వాడితే సమస్య లేదు. పైథాన్ పూర్ణాంకాలకు ఇలాంటి హద్దు లేదు. ధరల్లో పైసలుంటే దశాంశాలుగా కాక అన్నిటినీ పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా ఉంచుకోవాలి, ఎందుకంటే కంప్యూటరు దశాంశాల్లో 0.1, 0.2 కలిపితే సరిగ్గా 0.3తో సమానం కాదు.

ప్రోగ్రాము సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి, ప్రతి జతనూ కలిపి చూసే పాత సూటి పద్ధతినే సాక్షిగా నిలబెట్టవచ్చు. యాదృచ్ఛికంగా జాబితాలు తయారుచేసి రెండు పద్ధతుల జవాబులనూ పోల్చాలి. ఇక్కడ సంఖ్యల ఎంపికే కీలకం. ఒకటి నుంచి పది లక్షల లోపు సంఖ్యలతో ఇరవై అంకెల జాబితా చేస్తే నకళ్లు దాదాపు రావు, ఎడమ పాయింటరును మాత్రమే జరిపే తప్పుడు కోడు కూడా వేల పరీక్షలు నెగ్గేస్తుంది. ఒకటి నుంచి ఐదు వరకు మాత్రమే వాడి, ఎనిమిది అంకెలకు మించని జాబితాలు చేస్తే ప్రతిదానిలోనూ ఏదో ఒక నకలు తప్పకుండా ఉండేలా పొడవును ఆరు నుంచి ఎనిమిది మధ్య ఉంచవచ్చు. కావలసిన మొత్తాన్ని రెండు నుంచి పది దాకా మారుస్తూ పోవాలి. సరి సంఖ్య వచ్చినప్పుడల్లా సగం విలువ తనతో తనే జతపడే సందర్భం పరీక్షకు వస్తుంది. ఖాళీ జాబితా, ఒకే అంకె ఉన్న జాబితా, అన్నీ ఒకటే అయిన జాబితా చేత్తో రాసి చేర్చాలి. జవాబులు తేడా వచ్చిన మొదటి జాబితా ఎనిమిది అంకెలకు మించదు కాబట్టి, తప్పు ఏ అడుగులో జరిగిందో కాగితం మీద పాయింటర్లను జరుపుతూ పట్టుకోవచ్చు.